కార్డు ఇచ్చారు, మాత్ర ఇవ్వలేదు

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా వైపు, షాలిమార్ స్టేషన్ ఉంది. మనవాళ్ళు దాన్ని కూడా కలకత్తా అనే అంటారు. హైదరాబాద్ వెళ్ళే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడే బయల్దేరుతుంది. ఉత్తరాంధ్ర నుంచి కూలికి వచ్చినవాళ్ళు దిగేదీ, తిరిగి ఎక్కేదీ ఇక్కడే.

గత మార్చి నెలాఖరున ఆ ప్లాట్‌ఫారం మీద పార్వతీపురం మన్యం నుంచి వచ్చిన ఒక ఆదివాసీ కుటుంబం కలిసింది. తండ్రి బిల్డింగ్ పనిలో కూలి. తల్లి కూడా అదే పని. వాళ్ళ పాపకు ఆరేళ్ళు. పండక్కి వెళ్తున్నారా అని అడిగాను. "పండగ కాదు బాబూ, పాప మాత్తర్లు అయిపోనాయి. ఊరెల్లి తెచ్చుకుందారని ఎల్తన్నాం" అంది తల్లి.

విజయనగరం దాకా 800 కిలోమీటర్లకు పైగా జనరల్ బోగీలో ప్రయాణం. ఆ పైన బస్సు, ఆటో. ఇద్దరి కూలీ వారం రోజులు పోతుంది. ఇంతా చేసి వాళ్ళు వెళ్తున్నది ఏ కొత్త మందు కోసమో, లక్షల ఖరీదు చేసే ఇంజెక్షన్ కోసమో కాదు. పెనిసిలిన్ కోసం. రెండో ప్రపంచ యుద్ధం నాటి మందు కోసం.

పాపకు సికిల్ సెల్ వ్యాధి. మూడేళ్ళప్పుడు రెండుసార్లు ప్లీహం ఒక్కసారిగా ఉబ్బి, ఒంట్లో రక్తమంతా అందులోకే చేరి, ప్రాణం మీదకొచ్చింది. ఊళ్ళో దీన్ని కడుపులో బల్ల పెరిగింది అంటారు. నాలుగో ఏట ఆపరేషన్ చేసి ప్లీహం తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు ఒక చీటీ రాసిచ్చారు: పెనిసిలిన్ 250 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మానొద్దు. సంక్రాంతి వెళ్ళాక పనికి బయల్దేరినప్పుడు వాళ్ళు 120 మాత్రలు తెచ్చుకున్నారు. రోజుకు రెండు చొప్పున అవి సరిగ్గా అరవై రోజులు వచ్చాయి. నేను కలిసేనాటికి పాప మాత్ర వేసుకుని తొమ్మిది రోజులైంది.

ఆ తొమ్మిది రోజులూ వాళ్ళు ఊరికే కూర్చోలేదు. నాలుగు మందుల షాపులు తిరిగారు. మూడింటిలో లేదన్నారు. నాలుగో షాపతను మూడు రోజుల అజిత్రోమైసిన్ పట్టీ చేతిలో పెట్టాడు. ఒక క్లినిక్‌కు వెళ్తే డాక్టరు చీటీ చూసి, పాప వయసు అడిగి, "ఐదేళ్ళు దాటాయిగా, ఇక అక్కర్లేదు, మానేయండి" అన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. చీటీలో మానొద్దని ఉంది కదా అన్నది ఆమె వాదన. ఆమెకు చదువు రాదు. అయినా ఆ గదిలో సరైన మాట ఆమెదే. ఎందుకో చెప్తాను.

ప్లీహం అంటే మన పొట్టలో ఎడమవైపు, పక్కటెముకల కింద ఉండే జల్లెడ. రక్తం అందులోంచి నెమ్మదిగా పారుతుంది. పాడైన కణాలనూ, క్రిములనూ అది పట్టేస్తుంది. న్యూమోకాకస్ లాంటి కొన్ని బాక్టీరియాలకు చుట్టూ జారుడు చక్కెర తొడుగు ఉంటుంది. మామూలు రక్షణ కణాలకు అవి చిక్కవు. వాటిని రక్తంలోంచి తీసేసే ముఖ్యమైన చోటు ప్లీహమే. సికిల్ సెల్ పిల్లల్లో కొడవలిలా వంగిన కణాలు ఆ జల్లెడ రంధ్రాల్లో ఇరుక్కుని, దాన్ని లోపల్నుంచి చంపుతూ వస్తాయి. పాపాయికి ఏడాది నిండకుండానే చాలామందిలో అది పనిచేయడం తగ్గిపోతుంది. బయటికి ఉబ్బి కనిపించినా సరే, పని చేస్తోందని అర్థం కాదు. ఇక ఆపరేషన్ చేసి తీసేస్తే ఆ కాపలా పూర్తిగా లేనట్టే.

కాపలా లేని ఒంట్లోకి న్యూమోకాకస్ చేరితే వ్యవధి ఉండదు. ఉదయం ఆడుకున్న పిల్లకు మధ్యాహ్నం జ్వరం వస్తుంది, మర్నాటికి ప్రాణం ఉండకపోవచ్చు. ప్లీహం తీసేసిన పసిపిల్లలకు ఇలా జరుగుతోందని అమెరికన్ సర్జన్లు కింగ్, షుమాకర్ 1952లోనే రాశారు. కాబట్టి జ్వరం వచ్చాక మందు వెతకడం కాదు, క్రిమి వచ్చేసరికే రక్తంలో మందు ఉండాలి. పెనిసిలిన్ మాత్ర కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది. అందుకే రోజుకు రెండుసార్లు. ఒక్క రోజు మానితే ఆ రోజు తలుపు తెరిచి ఉన్నట్టే.

ఇది నమ్మకం కాదు, లెక్క. అమెరికాలో మూడు నెలల నుంచి మూడేళ్ళ లోపు సికిల్ సెల్ పిల్లలు 215 మందిని రెండు గుంపులు చేశారు. 105 మందికి రోజుకు రెండుసార్లు 125 మిల్లీగ్రాముల పెనిసిలిన్, 110 మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు లేని గుంపులో 13 మందికి తీవ్రమైన న్యూమోకాకస్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ముగ్గురు చనిపోయారు. మందు వేసుకున్న గుంపులో ఇద్దరికే వచ్చింది, ఒక్కరూ చనిపోలేదు. తేడా అంత స్పష్టంగా కనిపించాక మిగతా పిల్లలకు మందు ఇవ్వకుండా ఉంచడం అన్యాయమని, ఆ ప్రయోగాన్ని గడువుకు ఎనిమిది నెలల ముందే ఆపేశారు. ఫలితం 1986లో అచ్చయింది. అప్పటి నుంచి పద్ధతి ఇది: రెండు మూడు నెలల వయసులో మొదలుపెట్టాలి, మూడేళ్ళ దాకా 125 మిల్లీగ్రాములు, తర్వాత 250, రోజుకు రెండుసార్లు, కనీసం ఐదేళ్ళు నిండేదాకా.

మరి ఆ క్లినిక్ డాక్టరు చెప్పిన ఐదేళ్ళ మాట ఎక్కడిది? 1995లో అచ్చయిన రెండో ప్రయోగం నుంచి వచ్చింది. ఐదేళ్ళు నిండిన 400 మంది పిల్లల్లో సగం మందికి మందు కొనసాగించి, సగం మందికి ఆపి చూశారు. పెద్ద తేడా కనపడలేదు. అందుకే ఐదేళ్ళ తర్వాత ఆపవచ్చు అన్నారు. కానీ ఆ 400 మందిలోకి ఎవరిని తీసుకున్నారు? న్యూమోకాకస్ టీకా వేయించుకున్నవాళ్ళను. అంతకుముందు తీవ్రమైన న్యూమోకాకస్ ఇన్‌ఫెక్షన్ రానివాళ్ళను. ప్లీహం ఆపరేషన్ కానివాళ్ళను. అంటే ఆ ఐదేళ్ళ నియమం మన పాపకు వర్తించదు. ప్లీహం తీసేసిన పిల్లలకు మందు ఐదేళ్ళ తర్వాతా సాగాలి. ఎన్నేళ్ళన్నది ఆ పాప కేసు పూర్తిగా తెలిసిన నిపుణుడు తేల్చాలి. నియమాన్ని గుర్తుపెట్టుకుని మినహాయింపును మర్చిపోతే ఇలాంటి తప్పే జరుగుతుంది. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది డాక్టరు కాదు.

ఇంకో మాట. పెనిసిలిన్ మాత్ర దొరకనప్పుడు రోజూ తక్కువ మోతాదులో అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చు. అది ఏ సందు చివరి మందుల షాపులోనైనా దొరుకుతుంది. రోజూ వేయడం కుదరని చోట మూడు నాలుగు వారాలకొకసారి బెంజథిన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. పెనిసిలిన్ పడనివాళ్ళకు ఎరిత్రోమైసిన్ ఉంది. ఏది, ఎంత అన్నది డాక్టరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం చేయడానికి ఆ రోజు ఆ క్లినిక్‌లో ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు దొరకక ఒక కుటుంబం 800 కిలోమీటర్లు వెనక్కి వెళ్తోంది. దీన్ని మందుల కొరత అందామా? కాదు. ఈ పిల్లల గురించి తెలుసుకోవాల్సిన అవసరం తమకు లేదని వైద్యవ్యవస్థ అనుకోవడం ఇది.

ఇప్పుడు సర్కారు సంగతి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. 17 రాష్ట్రాల్లో నలభై ఏళ్ళలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, పశ్చిమ బెంగాల్ నాలుగూ అందులో ఉన్నాయి. ఈ పాపకూ ఒక కార్డు ఉంది. తల్లి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చీర కొంగున కట్టుకుని తెచ్చింది. కార్డులో వ్యాధి పేరుంది. ప్లీహం తీసేశారని లేదు. రోజూ వేయాల్సిన మందు పేరు లేదు. జ్వరం వస్తే ఏం చేయాలో లేదు.

ఆ కార్డు ప్రధానంగా దేనికి? పెళ్ళి సంబంధాలు చూసుకునేటప్పుడు ఇద్దరి కార్డులు సరిపోల్చుకోవాలన్నది మిషన్ ప్రచారంలో పెద్ద మాట. పుట్టబోయే బిడ్డల గురించి కౌన్సెలింగ్ ఇవ్వడం తప్పని నేను అనను. కానీ పుట్టి, కళ్ళ ముందు నిలబడిన బిడ్డ సంగతేమిటి? ఎవరు ఎవరిని పెళ్ళాడాలో చెప్పడానికి ఈ దేశంలో వ్యవస్థలు ఎప్పుడూ ఉత్సాహంగానే ముందుకొస్తాయి. నెలకు అరవై మాత్రలు ఇంటికి చేర్చమంటే మాత్రం ఎవరూ కనపడరు.

పరీక్ష చేసి మందు ఇవ్వకపోతే ఏమవుతుందో చరిత్ర ఒకసారి చూపించింది. అమెరికాలో నల్లజాతి ప్రజల ఈ జబ్బును ప్రభుత్వం పట్టించుకోని రోజుల్లో బ్లాక్ పాంథర్లు తమ క్లినిక్‌లలో సొంతంగా పరీక్షలు మొదలుపెట్టారు. 1972లో సికిల్ సెల్ నియంత్రణ చట్టం వచ్చింది. అదే ఏడాది బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టారు. ఆ చట్టాల కాలంలో నల్లవాళ్ళకు విరివిగా పరీక్షలు జరిగాయి. కానీ వ్యాధి ఉందని తేలిన బిడ్డకు ఇవ్వడానికి ఏమీ లేదు. దాంతో పరీక్ష చాలామందికి ఒక ముద్రగా మిగిలింది. ఉద్యోగాల్లో, బీమాలో వివక్షకు సాకైంది. 1986లో పెనిసిలిన్ ఫలితం వచ్చాకే కథ మారింది. పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలి, వ్యాధి ఉంటే వెంటనే పెనిసిలిన్ మొదలుపెట్టాలి అని 1987లో అక్కడి నిపుణుల సదస్సు తేల్చింది. పరీక్షకు అర్థం ఇచ్చింది మాత్రే. మాత్రను పక్కన పెట్టి పరీక్షలు లెక్కపెడితే మనం 1972కే వెళ్తున్నట్టు.

ఆ పరీక్ష ఏ వయసులో చేస్తున్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పుట్టిన బిడ్డ రక్తంలో తల్లి కడుపులో ఉన్నప్పటి రకం హిమోగ్లోబిన్ ఎక్కువ. అది కొన్ని నెలలు వ్యాధిని కప్పి ఉంచుతుంది. అందుకే ఆరు నెలల లోపు బిడ్డకు శిబిరాల్లో చేసే సాల్యుబిలిటీ పరీక్ష పనికిరాదు. వ్యాధి ఉన్నా లేదని చూపించవచ్చు. ఆ వయసులో మడమ దగ్గర పొడిచి తీసిన రక్తపు చుక్కను హెచ్‌పీఎల్‌సీ లాంటి యంత్రం మీద చూడాలి. ఆశ్రమ పాఠశాలలో వరుసలో నిలబెట్టి పరీక్ష చేస్తే దొరికేది ఎవరు? అప్పటిదాకా బతికి బట్టకట్టినవాళ్ళు. పెనిసిలిన్ ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో, ఆ రెండు మూడేళ్ళలోపు పిల్లలు ఆ వరుసలోకి రారు. జ్వరంతో పోయిన పసిబిడ్డ ఏ లెక్కలోనూ సికిల్ సెల్ మరణం కాదు. జ్వరం అని రాస్తారు, లేదా ఏమీ రాయరు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మొదటి మాట: భారతదేశంలో సికిల్ సెల్ ఆఫ్రికా రకమంత తీవ్రం కాదు, మనవాళ్ళలో ప్లీహం ఎక్కువ కాలం నిలుస్తుంది, కాబట్టి పెనిసిలిన్ అంతగా అవసరం లేదు. ఇందులో కొంత నిజముంది. ఇక్కడ ఎక్కువగా కనిపించే జన్యురకంలో పసితనపు హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువగా మిగులుతుంది. కొందరిలో జబ్బు మెత్తగా నడుస్తుంది. కానీ కొందరిలో తీవ్రంగానే నడుస్తుంది. ఏ బిడ్డది ఏ రకమో రెండు నెలల వయసులో ఎవరూ చెప్పలేరు. పైగా ప్లీహం ఎక్కువ కాలం నిలిచే పిల్లల్లోనే అది ఆలస్యంగా ఉబ్బి, ఆపరేషన్ దాకా పోయే అవకాశం ఉంది. షాలిమార్‌లో చూసిన పాప కథ అదే. ప్లీహం తీసేశాక ఏ జన్యురకమైనా ఒకటే. అక్కడ ఈ వాదనకు చోటే లేదు.

రెండో మాట: ఇప్పుడు టీకా ఉంది కదా. ఉంది. న్యూమోకాకల్ కాంజుగేట్ టీకాను ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో దేశమంతా విస్తరించింది. అంతకుముందు పుట్టిన పిల్లల్లో చాలామందికి అది అందలేదు. అందినా న్యూమోకాకస్‌లో వందదాకా రకాలుంటే టీకా కొన్నింటినే ఆపుతుంది. ప్లీహం లేని పిల్లలకు అదనంగా కావాల్సిన టీకాలు ఉచిత జాబితాలో లేవు. టీకా, మాత్ర రెండూ ఉండాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టడం కుదరదు.

మూడో మాట బయటికి మర్యాదగా వినిపిస్తుంది గానీ లోపల విషం ఉంది: "ఆదివాసీలు రోజూ మందు వేయరు, మధ్యలో మానేస్తారు." మానడానికి ఒంటి రంగూ, కులమూ, తెగా కారణం కాదు. అమెరికాలో ఆరు రాష్ట్రాల్లో పేదల ప్రభుత్వ బీమా కింద ఉన్న సికిల్ సెల్ పిల్లల రికార్డులు తీసి చూస్తే, ఏడాదిలో కనీసం 300 రోజులకు సరిపడా మందు అందినవాళ్ళు 18 శాతమే. 2018లో ఆ లెక్క అచ్చయింది. అంత డబ్బున్న దేశంలోనే ఇలా ఎందుకైంది? రోజుకు రెండుసార్లు, ఐదేళ్ళు. సుమారు 3,500 డోసులు. ఒంట్లో బాగున్న పిల్లకు వేయాల్సిన మందు. సిరప్ అయితే కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, వారం రెండు వారాల్లో పారేయాలి. మళ్ళీ చీటీ, మళ్ళీ బస్సు, మళ్ళీ కూలి పోగొట్టుకోవడం. ఇవన్నీ తల్లి మోస్తుంది. తప్పు ఆమె మీద వేస్తారు. షాలిమార్‌లో నేను చూసిన తల్లి అరవై రోజుల్లో ఒక్క పూట తప్పలేదు. మాత్రలు తప్పాయి.

ఇది ఆదివాసీల జబ్బు అని పక్కకు నెట్టడం కూడా సరికాదు. విదర్భలో, బాబాసాహెబ్ లక్షలాది మందితో బౌద్ధం తీసుకున్న నాగపూర్ చుట్టూ, మహర్లలోనూ బౌద్ధులలోనూ ఈ జన్యువు గణనీయంగా ఉంది. ఇక వలస విషయానికొస్తే, ఈ జబ్బు మన దేశంలో బయటపడిన తొలి సందర్భాల్లో ఒకటి వలస కూలీలలోనే. 1952లో ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీలలో సికిల్ సెల్ ఉందని డన్లప్, మజుందార్ రాశారు. వాళ్ళను ఆ తోటలకు తీసుకెళ్ళింది కూలి. ఈ కుటుంబాన్ని షాలిమార్‌కు తెచ్చిందీ కూలే. 1952లోనే ఈ జబ్బు కూలీలతో పాటు ప్రయాణిస్తుందని తెలుసు. ఇప్పటికీ మందు మాత్రం జిల్లా సరిహద్దు దాటదు.

మందు తయారీ మనకు చేతకాకనా? 1955 నుంచే పుణె దగ్గర పింప్రిలో ప్రభుత్వ రంగ హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ పెనిసిలిన్ తయారు చేసింది. తర్వాత చవక దిగుమతులకు తలుపులు తీసి, పెనిసిలిన్ ముడిసరుకు తయారీని దేశమే వదులుకుంది. మళ్ళీ ఇప్పుడు ప్రభుత్వ ప్రోత్సాహకాలతో కాకినాడ జిల్లాలో అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ 2024లో పెనిసిలిన్ జి తయారీ మొదలుపెట్టింది. అమాక్సిసిలిన్ లాంటి మందులకు మూలం అదే. ఈ పాప ఎక్కిన రైలు విజయనగరం దాటి ముందుకు పోతే కాకినాడ జిల్లా మీదుగానే వెళ్తుంది. తయారీకి ప్రోత్సాహకం ఇవ్వగలిగిన ప్రభుత్వానికి, ఆ మందును ఆ రైలు దారిలోని ఒక బిడ్డ నోటిదాకా చేర్చే బాధ్యత లేదా?

అడగాల్సినవి ఎక్కువ లేవు. మన్యంలో ప్రసవం జరిగే ప్రతి ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీయాలి, ఫలితం రెండు నెలల లోపు తల్లికి చేరాలి, అదే రోజు మందు మొదలవ్వాలి. కార్డు మీద మందు పేరు, మోతాదు, ప్లీహం ఉందా తీసేశారా అన్నది రాయాలి. ఆ కార్డు చూపిస్తే మిషన్‌లో ఉన్న 17 రాష్ట్రాల్లో ఎక్కడైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఇవ్వాలి. వలస వెళ్ళే కుటుంబానికి, వాళ్ళు తిరిగొచ్చేదాకా సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. మాత్ర అయితే ఫ్రిజ్ అక్కర్లేదు. పసిబిడ్డకు సగం చేసి, పొడి చేసి, చెంచాడు నీళ్ళలో కలిపి పట్టవచ్చు. మిషన్ ఇన్ని కోట్ల పరీక్షలు చేశామని చెప్పుకునే ప్రతిసారీ ఇంకో అంకె కూడా చెప్పాలి: వ్యాధి ఉన్న పిల్లల్లో ఈ నెల మాత్రలు అందింది ఎంతమందికి?

చివరిగా ఒక మాట ఈ పిల్లల తల్లిదండ్రులకు. పెనిసిలిన్ వేస్తున్నాం కదా అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ వేసే మోతాదు కాపలాకే గానీ, క్రిమి రక్తంలో పెరిగాక దాన్ని చంపడానికి చాలదు. జ్వరం 101 డిగ్రీలు దాటినా, జ్వరం లేకపోయినా పిల్ల మగతగా, పాలిపోయి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లారేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ వేసి జ్వరం తగ్గిందని వెనక్కి తిరగొద్దు. "సికిల్ సెల్, ప్లీహం పనిచేయదు, సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్ వెంటనే కావాలి" అని మొదటి మాటగా చెప్పండి. రక్త పరీక్షకు రక్తం తీసుకోవచ్చు, కానీ రిపోర్టు వచ్చేదాకా ఇంజెక్షన్ ఆపకూడదు.

ఇదే మాటను ఒక కాగితం మీద తెలుగు, హిందీ, బెంగాలీ భాషల్లో రాయించి ఆ తల్లికి ఇచ్చాను. కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే దాన్నీ మడిచి పెట్టుకుంది. ప్రభుత్వం ఇచ్చిన కార్డులో ఉండాల్సిన మాటలు రైలు ప్లాట్‌ఫారం మీద ఎవరో రాసిచ్చిన కాగితంలో ఉన్నాయి. రైలు కదిలేసరికి పాప కిటికీ దగ్గర కూర్చుని మరమరాలు తింటోంది. చూడటానికి ఏ జబ్బూ లేనట్టే ఉంది. మాత్ర వేసుకుని అప్పటికి తొమ్మిది రోజులు. ఊరు చేరి మాత్ర చేతికి అందేసరికి అవి పదకొండవుతాయి.